కుజదోషము - భయము అమ్మువారు

బహదూర్‌పల్లిలో ఒక గృహస్థు కుమార్తె జాతకమును చూపింపగా, జ్యోతిష్కుడు చక్రమును చూచి నిట్టూర్చి, "కుజుడు నాలుగింట నున్నాడు, అల్లునికి ప్రాణగండము; నలుబదివేలతో హోమము చేయింపనిదే పెండ్లిమాట తలపవలదు" అనెననుకొందము. ఆ తల్లిదండ్రులు ముందుగా చూడవలసినది ఆ సొమ్మును కాదు, ఆ చక్రమును.

లగ్నము నుండి 2, 4, 7, 8, 12 స్థానములలో కుజుడున్న దోషమని మన ప్రాంతమున వాడుక. పన్నెండింట ఐదు స్థానములన్నమాట. చంద్రుని నుండియు, శుక్రుని నుండియు గూడ లెక్కించినచో, అపవాదములు చూడనంతవరకు, నూరు జాతకములలో సుమారు ఎనుబదింటికి ఏదో ఒక విధమున దోషము తగులును. ఐదుగురిలో నలుగురికి గల లక్షణము ప్రాణగండమైనచో లోకమున దాంపత్యములే నిలువవు గదా!

అందుచేతనే పూర్వులు అపవాదములు చెప్పిరి. ఆ కన్యది సింహలగ్నము. కుజుడు వృశ్చికమున, అనగా స్వక్షేత్రమున ఉన్నాడు. నాలుగవ స్థానము మేషముగాని వృశ్చికముగాని అయినచో దోషము లేదని ప్రసిద్ధమైన నియమము. చంద్రుడు కుంభమున, శుక్రుడు మకరమున నుండుటచే వారి నుండి కుజుడు పదింట, పదునొకండింట పడును. అచ్చటను దోషము లేదు. వరునికిని కుజదోషమున్నచో ఇరువురిదియు పరిహారమగునని పెద్దలందురు. ఇవి తెలిసియు దాచినవాడు తన శాస్త్రమునకే ద్రోహి. జ్యోతిషము సత్యమా కాదా యన్నది వేరు చర్చ. దానిని చెప్పి జీవించువాడు దాని నియమములకైన లోబడవలెను.

జననకాలము సంగతియు కలదు. లగ్నము ఇంచుమించు రెండుగంటలకు మారును. సింహలగ్నారంభమున పుట్టిన శిశువు కొన్ని నిమిషములు ముందు పుట్టియున్న కర్కాటకలగ్నమగును. కుజుడు ఐదింట పడును, దోషమే యుండదు. ఆసుపత్రి కాగితములోని సమయము ఎంత ఖచ్చితమని అడుగకయే గండము చెప్పువానిని నమ్మరాదు.

కావున అడుగదగినవి స్వల్పమే: ఎక్కడినుండి లెక్కించితిరి? కుజుడు ఏ రాశిలో నున్నాడు? అపవాదము చూచితిరా? ఇది వ్రాసి యిత్తురా? నిజాయితీగల పండితుడు సంతోషముగా వ్రాసియిచ్చును. ఆ కాగితమును మరియొకరికి చూపవచ్చును. మోసగాడు ఈ ప్రశ్నలకు కోపించును, "ఈ మాసము దాటరాదు" అనును, హోమము తనచేతనే జరుగవలెననును, బేరమాడినకొలది దక్షిణ తగ్గించును. గండము మాత్రము బేరమునకు తగ్గదు కాబోలు!

పెద్దలు చెప్పిన శాంతులు మంగళవారము కందుల దానము, సుబ్రహ్మణ్యారాధన వంటివి. కుజునికి నృసింహావతారముతో సంబంధము చెప్పు సంప్రదాయమును గలదు. వైష్ణవ గృహములలో లక్ష్మీనరసింహుని ఎదుట పానకము నివేదించుటకు వేలు అక్కరలేదు. ఇక ఆ కన్య సంగతి: "దోషజాతకురాలు" అను మాట ఒకసారి బయటికి పొక్కినచో తరువాతి సంబంధమువారు గూడ దానినే పట్టుకొందురు. ధనము పోయినను మరల సంపాదింపవచ్చును. ఆ పేరు మాత్రము, చక్రములో లేని దోషమునకై, ఆమె వెంట నడచుచుండును.