పుస్తకం మూసేశాక

అమ్ములూ,

రేపు మా బడి ప్రార్థనలో నిద్ర గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. పరీక్షలొస్తే కౌన్సెలర్‌కి తప్పని పని. పిల్లలకంటే ముందు నీకే చెప్పేస్తున్నాను. ఎందుకో అడగకు, మీ అమ్మ నా దగ్గర ఏదీ దాచదు.

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే వాళ్లు ఇద్దరు విద్యార్థులకు అర్థంపర్థం లేని ముక్కలు పదేసి బట్టీ పట్టించారు. కొన్నిసార్లు పడుకోబెట్టారు, కొన్నిసార్లు మెలకువగా ఉంచారు. ఎనిమిది గంటలయ్యాక అడిగితే, నిద్రపోయి లేచినప్పుడు సగం పైగా గుర్తున్నాయి. మేలుకుని ఉన్నప్పుడు ఒకటి చెప్పడమే గగనం. ఇద్దరితో చేసిన పరీక్షే అయినా తర్వాతివాళ్లూ ఇదే దారిలో తేల్చారు. చదివింది మొదట మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం పట్టుకుంటుంది. గాఢనిద్రలో మెదడు దాన్నే తిరగేసి గట్టిపరుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి తొలిసగంలో పడుతుంది, కలల నిద్ర తెల్లవారుజామున. అసలు చదవనిది మాత్రం ఎంత పడుకున్నా రాదు, ఆ ఆశ పెట్టుకోకు.

మీ తాతయ్య మమ్మల్ని నాలుగింటికే లేపేవారని మీ అమ్మ గొప్పగా చెబుతుంది కదూ? తొమ్మిదికల్లా లాంతరు ఆర్పేసేవారని చెప్పదు. పెరట్లో మంచాలు వాల్చాక గుసగుస వినిపించినా కేకలేసేవారు. ఎంసెట్ ముందు రాత్రి ఆయన ఊళ్లో లేరు, నేను తెల్లారేదాకా కూర్చున్నాను. హాల్లో వానపాము ప్రశ్న వచ్చింది. పుస్తకంలో ఆ బొమ్మ ఏ పేజీలో ఏ మూల ఉందో కళ్లకు కట్టింది, జవాబులు నాలుగూ సరైనవే అనిపించాయి. డాక్టరు కావలసిన పెద్దమ్మ ఇలా ఉత్తరాలు రాస్తోంది.

ఇప్పటి హాస్టళ్లు చూడు. నాలుగున్నరకు లేపడం పాతకాలం నుంచి తెచ్చుకున్నారు, తొమ్మిదికి పడుకోబెట్టడం వదిలేశారు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్! నీ ఈడు పిల్లలకు ఎనిమిది గంటలు తగ్గకూడదు. ఆ వయసులో నిద్ర ఆలస్యంగా వస్తుంది కూడా, అది బద్ధకం కాదు.

సరే, సోది చాలు. పరీక్ష తొమ్మిదికి కాబట్టి ఆరున్నరకు లే, పదిన్నరకు పడుకో. వారం ముందునుంచే అలవాటు చెయ్యి, ముందు రోజు ఒక్కసారిగా కుదరదు. రాత్రి ఎనిమిది దాటాక కొత్త పాఠం తెరవకు, చదివిందే చూడకుండా రాసి చూసుకో. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ వద్దు, అయిదారు గంటలైనా దానిలో సగం ఒంట్లోనే ఉంటుంది. ఫోను అమ్మ గదిలో పెట్టు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చో, గడియారం చూడకు. పగలు కునుకు తీస్తే ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకో, సాయంత్రం మాత్రం పడుకోకు.

పెద్దమ్మ