‘గోరా’లో ఒక వివాహం, దాని వెనుక ఒక చట్టం

రవీంద్రనాథ్ ఠాగూర్ ‘గోరా’ నవలలో వినయ్, లలితల వివాహఘట్టం నేటి పాఠకునికి కొంత సాగదీసినట్లు తోచవచ్చు. యువతీయువకులు పరస్పరం ఇష్టపడ్డారు. వరుడు హిందువు, వధువు బ్రాహ్మసమాజ కుటుంబంలో పుట్టినది. వినయ్ బ్రాహ్మసమాజ దీక్ష తీసుకోవాలా, వద్దా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఇన్ని అధ్యాయాలు ఎందుకు నడవాలి? ఇరువురూ విశాల హృదయులే కదా, ఏదో ఒక పద్ధతిలో పెళ్లి చేసుకోరాదా? ఈ సందేహం సహజమే. దానికి సమాధానం మాత్రం నవల పుటలలో కంటె 1872 నాటి మూడవ చట్టంలో స్పష్టంగా దొరుకుతుంది.

సిపాయిల తిరుగుబాటు రోజులలో, 1857లో, గోరా జన్మించాడని నవలే చెబుతుంది. కథ జరిగేనాటికి అతడు చదువు ముగించిన యువకుడు. కాబట్టి కాలం ఇంచుమించు 1880. అప్పటికి బ్రాహ్మసమాజం రెండుసార్లు చీలింది. 1866లో కేశవచంద్ర సేన్ అనుచరులు దేవేంద్రనాథ్ ఠాగూర్ వర్గం నుంచి విడిపోయారు. 1878లో కేశవచంద్రుని అనుచరులలోనే అనేకులు ఆయనను విడిచి సాధారణ బ్రాహ్మసమాజాన్ని స్థాపించారు.

ఈ రెండు చీలికల నడుమ వివాహచట్టం వచ్చింది. విగ్రహపూజ లేకుండా, సాలగ్రామం లేకుండా జరిగే బ్రాహ్మ వివాహాలకు న్యాయస్థానంలో విలువ ఉంటుందా అన్న శంక వారిని చాలాకాలం బాధించింది. పిల్లల వారసత్వం కూడా దానిపైనే ఆధారపడి ఉంది. కేశవచంద్రుని వర్గం కోరికపై ప్రభుత్వం 1872లో చట్టం చేసింది. వధువుకు 14 ఏళ్లు, వరునికి 18 ఏళ్లు కనీస వయస్సుగా నిర్ణయించింది. అయితే వధూవరులు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతాలలో దేనినీ అవలంబించడం లేదని ప్రకటించాలన్నది దానిలోని షరతు. దేవేంద్రనాథుని ఆది బ్రాహ్మసమాజం దీనిని గట్టిగా వ్యతిరేకించింది. తాము హిందువులమే, హిందూధర్మంలోని నిర్మలమైన రూపాన్ని ఆచరిస్తున్నవారమే అన్నది వారి వాదం. వితంతు పునర్వివాహాన్ని అనుమతించిన 1856 చట్టంలో ఇటువంటి షరతు లేదు. అందువల్లనే 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన పెళ్లిలో వధూవరులు తాము హిందువులము కామని చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇది తెలిసిన పాఠకునికి వినయ్ సంకటం వేరుగా కనిపిస్తుంది. లలితను పెళ్లాడడం న్యాయమని అతడు నమ్ముతున్నాడు. అయితే ఆ న్యాయాన్ని పొందడానికి తాను నమ్మని మాటను నమ్మినట్లు చెప్పవచ్చునా? మొదట అతడు దీక్షకు సిద్ధపడతాడు. అడ్డుపడినది లలిత. తనకోసం అతడు తన సమాజాన్ని వదులుకోవడం ఆమెకు అవమానంగా తోస్తుంది. మెజిస్ట్రేటు ఇంటినుంచి రాత్రివేళ స్టీమరెక్కి వచ్చేసిన పిల్ల అలా అనడంలో ఆశ్చర్యం లేదు. చివరకు హిందూ పద్ధతిలో, సాలగ్రామం లేకుండా పెళ్లి జరపాలన్న నిర్ణయం కుదురుతుంది.

ఆ సాలగ్రామ పరిహారం కథకుడు తెలివిగా కనిపెట్టిన మధ్యేమార్గం కాదు. అది దేవేంద్రనాథుడు తన ఇంటి వివాహాలలో అనుసరించిన పద్ధతి. ఆయన కుమారుడైన రవీంద్రునికి అది బాల్యంనుంచీ తెలిసిన విషయం. అంటే చట్టపు రక్షణను వదులుకొని, నిజాన్ని నిలుపుకొనే మార్గాన్ని ఈ జంట ఎన్నుకుంటున్నది. దాని మూల్యం ఎంతో ఆనాటి పాఠకులకు వివరించి చెప్పవలసిన పని లేదు.

హారాన్‌బాబు విషయంలో చరిత్ర మరొక విధంగా ఉపకరిస్తుంది. అతనిని సంకుచితుడని తోసివేయడం సులభం. కాని 1878లో జరిగినది గుర్తుంచుకోవాలి. చట్టం కోసం పోరాడిన కేశవచంద్రుడే, పద్నాలుగేళ్లు నిండని తన కుమార్తెను కూచ్‌బిహార్ రాజుకిచ్చి పెళ్లి చేశాడు. ఆ వివాహంలో హిందూ ఆచారాలు చోటుచేసుకున్నాయి. నాయకుడే నియమం తప్పిన అనుభవం తాజాగా ఉన్న సమాజంలో, ఒక్క సడలింపు కూడా ద్రోహంగా కనిపించడం అర్థం చేసుకోదగినదే. అయినా హారాన్‌బాబు భయానికి కారణం దొరికినంత మాత్రాన, ఆ భయాన్ని అతడు లలిత పరువుపై ఆయుధంగా ప్రయోగించడం నిర్దోషం కాదు. అదే సమాజంలో, అవే గాయాలతో జీవించిన పరేశ్‌బాబు అలా ప్రవర్తించలేదు. కాలమే మనిషిని నడిపిస్తుందనే చదువు పరేశ్‌బాబు దగ్గర ఆగిపోతుంది.

మరొక జాగ్రత్త అవసరం. ‘గోరా’ 1907 నుంచి ‘ప్రవాసి’ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1910లో గ్రంథరూపం పొందింది. అప్పటికి వంగవిభజన, స్వదేశీ ఉద్యమం జరిగాయి. మొదట దానిలో ఉత్సాహంగా పాల్గొన్న రవీంద్రుడు తరువాత దూరంగా తొలగాడు. గోరా నోట వినిపించే దేశభక్తిలో 1880 నాటి హిందూ పునరుజ్జీవనం ఎంత, 1905 నాటి ఆవేశం ఎంత అని విడదీయడం కష్టం. ఒక మాట ఏ కాలానిదో తేల్చలేనప్పుడు దానిని ఆనాటి చరిత్రకు సాక్ష్యంగా వాడుకోరాదు. వివాహఘట్టం అటువంటిది కాదు. దానికి చట్టం, తేదీ, షరతు ఉన్నాయి.

హిందువును కానని చెప్పవలసిన ఆ షరతును 1923 సవరణ తొలగించింది. 1954లో వచ్చిన ప్రత్యేక వివాహచట్టం పాత చట్టాన్నే రద్దుచేసింది. వినయ్, లలితలు నేడు తమ మతాన్ని కాదనే ప్రకటన ఏదీ లేకుండా రిజిస్ట్రారు ఎదుట సంతకం చేయగలరు.