పదహారేళ్ల కొడుకు ఫోన్

మొన్న మాదాపూర్‌లో ఒక ఐటీ ఉద్యోగి అడిగారు: "గురువుగారూ, మా వాడికి పదహారేళ్లు. రోజూ ఫోన్ చెక్ చేస్తున్నానని నాతో మాటలే మానేశాడు."

"చిన్నప్పుడు ఎలా ఉండేవారు?"

"నైట్ షిఫ్టులండీ. అడిగిందల్లా కొనిచ్చేశాం."

చాణక్య నీతి చెప్పిన వరుస వేరు. ఐదేళ్లు లాలన, తర్వాత పదేళ్లు దండన, పదహారు నుంచి స్నేహం. ఈయన లాలనని పదిహేనేళ్లు సాగదీసి, స్నేహితుడు కావాల్సిన వయసులో పోలీసయ్యారు.

దండనంటే కొట్టమని నేను చెప్పను. భాగవతంలో కన్నయ్య భయం చూసి యశోద కర్ర పారేసింది. అల్లరిని మాత్రం వదల్లేదు, రోటికి కట్టింది!

"ఫోన్ వాడికిచ్చేసి, 'రాత్రి ఎన్నింటికి పక్కన పెడదాంరా? నాదీ పెడతా' అని అడగండి" అన్నాను.

ఆయన తన ఫోన్ వైపు చూసుకున్నారు. పదకొండింటికి కాల్ ఉందట.