ఏరు ఎదురెక్కిన జవాబు

ఏలూరు పవర్‌పేటలో ఒక సోషల్ మేడంగారు ఉండేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లేవారు. ఆవిడ దిద్దిన కట్ట మళ్లీ చూస్తే చీఫ్ ఎగ్జామినర్‌కి అరమార్కు తేడా కూడా దొరకదని పేరు. "కీలో ఉంటే మార్కు, లేకపోతే సున్నా. మధ్యలో నా దయాదాక్షిణ్యాలతో పనేముంది?" అనేవారు. రిటైరయ్యి చాలా కాలమైనా, ఆ మాట మీదే ఉన్నారు.

ఒకనాడు తాడేపల్లిగూడెం నుంచి పాత శిష్యురాలు ఒకామె వచ్చింది. ఆమెది కొల్లేట్లో ఒక లంక. ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంది. ఇప్పుడు గూడెంలో తనూ సోషల్ టీచరే.

"ఈసారి నాకూ స్పాట్ డ్యూటీ పడిందండీ. మొదటిసారి కదా, మీ దగ్గర నాలుగు మాటలు తెలుసుకుందామని వచ్చా" అంటూ సంచిలోంచి ఒక పాత పేపరు తీసింది. పది చదివేటప్పుడు ప్రీఫైనల్‌లో తను రాసిన జవాబుపత్రం. వాళ్లమ్మ ట్రంకు పెట్టెలో దాచిందట. "ఇందులో ఒక సున్నా నాకు ఇప్పటికీ అర్థం కాలేదండీ. రేపు నేను దిద్దేచోట ఇలాంటిదే వస్తే ఏం చెయ్యాలి?"

ఎర్రసిరా మేడంగారిదే. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు.

ప్రశ్న కొల్లేరు గురించి. నాలుగు మార్కులు, కీలో నాలుగు అంశాలు: కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉండడం, బుడమేరు, తమ్మిలేరు వంటివి వచ్చి కలవడం, ఉప్పుటేరు ద్వారా నీరు బంగాళాఖాతానికి పోవడం, వలస పక్షులు రావడం. మొదటి రెండూ పిల్ల రాసింది, రెండు మార్కులు పడ్డాయి. పక్షుల ఊసు లేదు. మూడో అంశం దగ్గర ఇలా ఉంది:

"వానాకాలం ఉప్పుటేరు కొల్లేటి నీళ్లను సముద్రానికి తీసుకుపోతుంది. ఎండాకాలం సముద్రం నీళ్లను కొల్లేట్లోకి తెస్తుంది. అప్పుడు గుర్రపుడెక్క ఎర్రబారి మాడిపోతుంది. మంచినీళ్లు పడవ మీద తెచ్చుకుంటాం."

దాని కింద ఎర్రగీత. పక్కన సున్నా. మార్జిన్లో "రెండు రకాలుగా రాశావు" అని ఒక ముక్క.

"ఇందులో అర్థం కానిదేముంది అమ్మాయ్?" అన్నారు మేడంగారు. "నీళ్లు ఎటు పోతాయో తెలియని పిల్లలు అటూ రాస్తారు, ఇటూ రాస్తారు. ఏదో ఒకటి తగలకపోతుందా అని. ఒకదానికొకటి పొసగని మాటలు రెండు రాస్తే మార్కు లేదు. నేను పెట్టిన రూలు కాదు, దిద్దేవాళ్లందరిదీ."

"రూలు మంచిదేనండీ" అంది శిష్యురాలు. అంతకుమించి వాదించలేదు.

అంతలో వీధిలో చేపల కేక వినబడింది. కైకలూరు వైపు నుంచి రోజూ వచ్చే మనిషే. మేడంగారు ఆమెను గుమ్మంలోకి పిలిచారు. "ఏమ్మా, ఎండాకాలం ఉప్పుటేరు వెనక్కి పారుతుందా?"

బుట్ట దించుకుంటూ ఆమె నవ్వింది. "పోటు నీళ్లు ఎక్కుతాయి కదండీ. పైనుంచి ఏర్ల నీళ్లు రాకపోతే, కొల్లేట్లో మట్టం తగ్గిపోతే, సముద్రానికి అడ్డేముందండీ? ఉప్పెక్కిన ఏడు గుర్రపుడెక్క ఉన్నచోటే మాడి కుళ్లిపోద్ది. అది చూసే మాకు తెలుస్తాది."

మేడంగారు పేపరు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఈసారి కీ పక్కన పెట్టి చదివారు. ఉప్పుటేరు సముద్రం చేరేది సుమారు 60 కిలోమీటర్లు పారి. దారిలో వాలు మాత్రం బహు తక్కువ. ఏరు ఎటు పారాలన్నది వాలు ఒక్కటే తేల్చదు, ఏ చివర నీటిమట్టం ఎక్కువుంటే అక్కడినుంచి పారుతుంది. వానలకు కొల్లేరు నిండితే సముద్రం వైపు. ఎండలకు కొల్లేరు అడుగంటితే, పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కుతుంది. ఇదంతా ఆవిడకు తెలియనిది కాదు. ఉప్పునీరు ఎగదన్నకుండా ఆ ఏటి మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట పేపర్లలో ఎన్నోసార్లు చదివారు. తెలిసిన ఆ సంగతిని దిద్దేటప్పుడు బయటే వదిలేసి, కీ ఒక్కదాన్నే లోపలికి తెచ్చుకున్నారు.

"చూడు" అన్నారు చివరికి, శిష్యురాలి ముందు పేపరు పరిచి. "తెలియనివాడు రెండూ రాసేటప్పుడు ఎప్పుడు, ఎందుకు అన్నది రాయడు. రాస్తే దొరికిపోతాడు. నువ్వు వానాకాలం అని ఒకదానికి, ఎండాకాలం అని ఒకదానికి కట్టావు. పైగా ఆ ఉప్పునీటికి ఏమవుతుందో కూడా రాశావు. గుర్రపుడెక్క ఎర్రబారడం ఊహించి రాసే మాట కాదు. నేను పొసగవనుకున్నవి రెండూ, రెండు కాలాల్లో రెండూ నిజమే. కీలో ఉన్న అంశం నీ మొదటి వాక్యంలోనే ఉంది. రెండో వాక్యం దాన్ని కొట్టెయ్యలేదు. అది ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో చెప్పింది."

పెన్ను తీసుకుని సున్నా పక్కన ఒకటి వేసి సంతకం చేశారు.

శిష్యురాలు పేపరు చూసుకుని, "నాలుగుకి మూడేనా అండీ? అంత బాగా రాశానన్నారు కదా" అంది నవ్వుతూ.

"పక్షుల సంగతి రాశావా? రాయనిదానికి మార్కెక్కడిది? ఇంకో పేజీలో గోదావరి మహాబలేశ్వరంలో పుట్టిందన్నావు. అక్కడ పుట్టింది కృష్ణ. గోదావరిది త్రయంబకం. ఆ సున్నా జన్మలో మారదు."

తర్వాత స్పాట్‌లో పని ఎలా జరపాలో చెప్పారు. కీకి సరిపడని జవాబు తగిలితే వెంటనే గీత కొట్టొద్దు. ముందు జవాబు చివరిదాకా చదువు. రెండు మాటలూ ఒకే కాలానికి, ఒకే చోటుకి చెప్పినవైతే అది తడబాటు, సున్నా వెయ్యి. వేర్వేరు షరతులతో చెప్పినవైతే, కీలోని అంశం వాటిలో ఉందా అని వెతుకు. అయినా అనుమానం తీరకపోతే ఆ పేపరు పక్కన పెట్టి, కట్ట అప్పగించకముందే చీఫ్‌ని అడుగు. అప్పగించాక పిల్లలు రీవెరిఫికేషన్‌కి డబ్బు కట్టుకోవాల్సిందే. ఆ డబ్బు లేని పిల్ల ఊరుకుంటుంది. నీకు నచ్చింది కదా అని నీ అంతట నువ్వే మార్కు వేసెయ్యకు. పక్క టేబుల్ దగ్గర అదే జవాబుకి సున్నా పడితే అదింకో అన్యాయం. చీఫ్ ఒప్పుకుంటే ఆ మాట అన్ని టేబుళ్లకీ చెబుతారు.

"అడిగితే చీఫ్ విసుక్కుంటారేమోనండీ" అంది శిష్యురాలు.

"విసుక్కోనీ. నన్నెవరూ అలా అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. నా కట్టలో అరమార్కు తేడా లేదని మురిసిపోయాను. ఆ చూసేవాళ్ల చేతిలో ఉన్నదీ అదే కీ అయినప్పుడు, తేడా ఎలా వస్తుంది?"

నీతి: కొలిచేవాడి చేతిలోని కొలతబద్ద సామాన్యంగా జరిగేదాన్ని బట్టి తయారైనది. దానికి ఎదురుగా ఉన్న మాట కనబడగానే తప్పనకూడదు. ఆ మాట ఎప్పుడు, ఎక్కడ అన్నవి చెప్పిందో లేదో చూడాలి. చెప్పకపోతే అది తడబాటు. చెబితే, కొలతబద్ద చేసినవాడు చూడనిదాన్ని రాసినవాడు చూసి ఉండొచ్చు. అది తేల్చుకోకుండా వేసిన సున్నా, కీ ప్రకారం సరైనదే అయినా న్యాయం కాదు.