దప్పిక: శుభ శుక్రవారం షార్ట్ గురించి



ఈ శుభ శుక్రవారానికి పెట్టిన షార్ట్ 45 సెకన్లే. మొదట చేసిన ఎడిట్‌లో మేకులు, రక్తం, ఉరుములు అన్నీ పెట్టాను. అమ్మ చూసి, "అన్నీ ఉన్నాయి నాన్నా, ఆయనే కనపడట్లేదు" అంది. తీసేశాను. ఇప్పుడు ఉన్నవి కల్లంలో ఎండుతున్న మిరపకాయలు, గట్టు మీద ఒక ఖాళీ బిందె, వెనకాల సన్నగా వయొలిన్. చివర్లో ఒక్క వాక్యం, యోహాను 19:28.

సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఇది అయిదవది. గ్రీకులో ఒకే పదం. తనకు దాహంగా ఉందని చెప్పాడు, అంతే. ఏప్రిల్ ఎండలో మిరపకోతకు వెళ్లినవాళ్లకి ఆ మాట వివరించక్కర్లేదు. చేతులు మండుతుంటాయి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేరు, నాలుక పిడచకట్టుకుపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సిలువ వేసేముందు ఆయనకు బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారు (మార్కు 15:23). అది నొప్పి తెలియకుండా చేసేదని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఆయన పుచ్చుకోలేదు. చివర్లో మాత్రం స్పంజీతో అందించిన చిరక పుచ్చుకున్నాడు. అది సైనికులు తాగే పులిసిన ద్రాక్షారసం. అంటే మత్తును వద్దన్నాడు గానీ దాహాన్ని దాచుకోలేదు. నీళ్లను సృష్టించినవాడు, తనను చంపుతున్నవాళ్ల ఎదుటే దాహమని చెప్పుకున్నాడు.

మనం ప్రసంగాల్లో దీన్ని వెంటనే 'ఆత్మల కొరకైన దాహం' అనేస్తాం. అది తప్పని నేను అనను. కానీ ముందు అది ఎండిన గొంతు.

బిందె ఎందుకు పెట్టావని కొందరు అడిగారు. అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో, 1985 జూలై 16న, మాదిగపల్లెవాళ్లు తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి మురికి కలుపుతుంటే ఒక యువకుడు అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అనే ఆమె చేతిలోని బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల వెళ్లి తలదాచుకున్నారు. నేనప్పటికి పుట్టలేదు. కానీ ఈ వాక్యం చదివినప్పుడల్లా ఆ బిందె గుర్తొస్తుంది.

దప్పిగొన్నవాడికి ఇచ్చిన నీళ్లు తనకే ఇచ్చినట్టని ప్రభువే చెప్పాడు (మత్తయి 25). ఈ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో అయిదవ మాట దగ్గరకొచ్చినప్పుడు, మన ఇంట్లో పనివాళ్లకు ఏ గ్లాసులో నీళ్లిస్తున్నామో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. వేరే గ్లాసు ఉంటే, ఆ రోజే తీసేద్దాం.

ప్రభువా, నీ దాహాన్ని మేము పాటగా మాత్రమే పాడుకోకుండా సహాయం చేయి. ఆమేన్.