రెండు సంవత్సరాల బాధ్యత: పునర్ముద్రిత గ్రంథాలను ఉదహరించడంలో ఒక నైతిక ప్రశ్న

సాలూరు ప్రాంతపు కొండల్లో నివసించే సవరల మీద ఒక పరిశోధకుడు వ్యాసం రాస్తూ, ఒక ఆచారాన్ని వర్ణించి, చివర కుండలీకరణాల్లో ‘థర్‌స్టన్ 1987’ అని ఆధారం చూపాడనుకుందాం. అతడు అబద్ధమాడలేదు. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో రూపొందించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలను ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ సంస్థ 1987లో పునర్ముద్రించింది. గ్రంథాలయంలో అతని చేతికి అందినది ఆ ప్రతే. అయినా ఆ ఆధారం పాఠకుడిని తప్పుదారి పట్టిస్తుంది. ఏడు సంపుటాల ఆ గ్రంథం మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడినది 1909లో. థర్‌స్టన్ మరణించినది 1935లో.

ఇది కేవలం పద్ధతికి సంబంధించిన లోపమని కొట్టివేయడానికి వీలులేదు. 1987 అన్న అంకెను చూసిన పాఠకుడు ఆ ఆచారం నిన్నమొన్నటిదనుకుంటాడు. వలస పాలనాధికారి దృష్టిలో పడిన ఒక జీవనదృశ్యం, దాదాపు ఎనభై ఏళ్లు దాటివచ్చి, నేటి సవర కుటుంబం మీద వర్తమాన సాక్ష్యంగా నిలబడుతుంది. ఎవరిని గురించి ఆ మాట చెప్పామో వారికి అందులో అన్యాయం జరుగుతుంది. వారికి కాలం కదలలేదని, వారు మారలేదని, మనం ప్రత్యేకంగా ఒక్క వాక్యమైనా రాయకుండానే చెప్పినట్లవుతుంది.

ఈ పొరపాటు గ్రంథంలోనే బయటపడే చోట్లు ఉన్నాయి. అందులో ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాగా కనిపిస్తుంది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక సాలూరు అందులో చేరింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కనుక ‘1987’ నాటిదని చూపిన ఉల్లేఖనంలో సాలూరు విశాఖపట్నం జిల్లాలో ఉంటే, పాఠకుడు వెంటనే అనుమానించాలి. జిల్లా పేరు వంటి ఆనవాలు లేని వాక్యాల విషయంలో అనుమానానికైనా ఆస్కారం ఉండదు.

అలాగని 1909 అని మాత్రమే రాస్తే సరిపోతుందా? అదీ సరిపోదు. తాను చూడని ప్రతిని చూసినట్లు చెప్పడమవుతుంది అది. మూల ముద్రణను యథాతథంగా ఛాయాప్రతి తీసి అచ్చువేస్తే పుటసంఖ్యలు మారవు. కొత్తగా అక్షరకూర్పు చేస్తే మారతాయి. వాటితోపాటు అచ్చుతప్పులూ కొత్తవి చేరవచ్చు. పరిశోధకుడు ఇచ్చిన పుటసంఖ్య అతడు చదివిన ప్రతికి చెందినది. మొదటి సంవత్సరం ‘ఈ మాట ఎప్పటిది’ అన్న ప్రశ్నకు జవాబు. రెండవది ‘నేను దీన్ని ఎక్కడ చదివాను’ అన్న ప్రశ్నకు జవాబు. ఒకటి రచయిత పట్ల, అతడు వర్ణించిన మనుషుల పట్ల బాధ్యత. మరొకటి ఆధారాన్ని సరిచూడదలచిన పాఠకుడి పట్ల బాధ్యత. ‘థర్‌స్టన్ 1909/1987’ అని రాసి, సంపుటం, పుట చేరిస్తే రెండూ నెరవేరుతాయి. ఇందుకు అయ్యే ఖర్చు అయిదు అక్షరాల చోటు.

అయితే ‘మూల సంవత్సరం’ అన్న మాటను యాంత్రికంగా తీసుకుంటే మరో చిక్కు వస్తుంది. విజయనగరంలో పుట్టిన ‘కన్యాశుల్కం’ దీనికి తగిన నిదర్శనం. గురజాడ అప్పారావు ఆ నాటకాన్ని 1897లో అచ్చువేశారు. 1909లో దాన్ని ఎంతగానో పెంచి, తిరగరాసి రెండవ కూర్పుగా ప్రకటించారు. మధురవాణి పాత్రకు నేడు మనమెరిగిన విస్తృతి అందులోనే వచ్చింది. అంగడిలో సాధారణంగా దొరికే ప్రతులు ఈ రెండవ కూర్పుకు పునర్ముద్రణలే. అటువంటి ప్రతిలోని మధురవాణి సంభాషణను ఉదహరించి పక్కన 1897 అని వేస్తే, పన్నెండేళ్ల తర్వాతి గురజాడ ఆలోచనను ముందరి గురజాడకు అంటగట్టినట్లే. రచన మొదట వెలువడిన ఏడాది ఒకటి, మన చేతిలోని పాఠం మొదట వెలువడిన ఏడాది మరొకటి. ఉల్లేఖనంలో చూపవలసినది రెండవదాన్నే. తొలి కూర్పు కావలసినవారికి బంగోరె 1969లో దాన్ని వేరుగా వెలువరించారు. ఆ ప్రతిని వాడినప్పుడు 1897/1969 అనడం న్యాయం. ఒకే పేరుగల రెండు పుస్తకాలు పక్కపక్కన ఉన్నప్పుడు, వాటిని వేరుచేసేది ఈ అంకెలే.

తిరిగి థర్‌స్టన్ వద్దకు వస్తే, 1909 అన్నది కూడా చివరి మెట్టు కాదు. సవరల గురించిన భాగానికి అంతకు ముందే, పందొమ్మిదవ శతాబ్ది ఎనభైలలో, ఎఫ్. ఫాసెట్ రాసిన వ్యాసం ఒక ముఖ్యాధారం. ఒక గ్రంథం అచ్చయిన ఏడాది అందులోని పరిశీలన జరిగిన ఏడాది కానక్కరలేదు. ఆ మూడవ కాలాన్ని కుండలీకరణాల్లో ఇరికించలేం. ‘ఫాసెట్ చూసినదాన్ని థర్‌స్టన్ స్వీకరించి చెప్పినట్లుగా’ అని వాక్యంలోనే చెప్పాలి. క్రియను భూతకాలంలో ఉంచాలి. ‘సవరలు ఇలా చేస్తారు’ అన్న చోట ‘చేసేవారని రాశాడు’ అనాలి.