ఒంటెలకు నీళ్లు తోడిన గుర్తు



మన సంఘములలోని పిల్లలు కొందరు ఈ మధ్య మాతో "ట్విన్ ఫ్లేమ్" అను మాట చెప్పుచున్నారు. ఒకే ఆత్మ రెండు శరీరములలో నున్నదట. పుట్టిన తేదీల అంకెలు ఆ సంగతి బయట పెట్టునట. ఈ లెక్కను మనమే చేసి చూతము.

అబ్బాయి 1995 ఆగస్టు 14న పుట్టెననుకొందము. తేదీ, నెల, సంవత్సరముల అంకెలన్నియు కూడగా 37. మూడును ఏడును పది. పది ఒకటి అగును. అమ్మాయి 1997 జూన్ 23న పుట్టినది. ఆమెకును 37, అనగా ఒకటే. "చూచితిరా, ఒకే ఆత్మ!" అందురు. ఆమె ఒక దినము ఆలస్యముగా పుట్టియుంటే మొత్తము 38, అనగా 11. అది "మాస్టర్ నంబరు", మరింత గొప్ప కలయిక అందురు. ఇంకొక దినము ఆగితే 39, అనగా 12, అనగా 3. అప్పుడు "ఒకరి కొరత నొకరు తీర్తురు" అందురు. ఏ దినమున పుట్టినను జవాబు అవుననియే. కాదని చెప్పలేని త్రాసు దేనిని తూచగలదు?

ఇంతకంటె అపాయమైనది మరియొకటి కలదు. ఒకరు విడిచిపోయినచో, వారు "పారిపోవువారు", మిగిలినవారు "వెంటాడువారు" అనియు, ఆ ఎడబాటు కూడ ప్రేమలోని ఒక మెట్టేయనియు చెప్పుదురు. అందువలన ఒక సహోదరి కఠినముగా మాటలాడు వానిని విడువలేక సంవత్సరములు కాచుకొనును. ఒక సహోదరుడు వద్దన్న అమ్మాయికి మరల మరల ఫోను చేయును. వద్దు అన్న మాటను వద్దుగానే వినవలెను.

అబ్రాహాము దాసుడు కూడ బావియొద్ద ఒక గుర్తు అడిగెను గదా అని మీరనవచ్చును. నిజమే. అయితే అతడడిగిన గుర్తు తప్పిపోవుటకు వీలున్న గుర్తు. దాహమడిగిన పరదేశికి నీళ్లిచ్చి, అడుగకయే ఒంటెలకును తోడవలెను. ఒంటెలు పది! రిబ్కా నడుము వంచి తోడుచుండగా అతడు ఊరక చూచుచుండెను. అది అంకె కాదు, నడవడి. తరువాత ఇంటివారియెదుట సంగతి అంతయు చెప్పెను. కడకు వెళ్లుదువా యని ఆమెనే అడిగిరి, ఆమెయే ఒప్పుకొనెను.

కాబట్టి ఒకరినొకరు తెలిసికొను దినములలో ఈ మూటిని చూడుడి. మీరు కాదన్నప్పుడు అతడు, లేక ఆమె, ఎట్లుండును? తనకు లాభము లేని చోట, ఆటోవానితోను హోటలు కుర్రవానితోను ఎట్లు మాటలాడును? మీ స్నేహమును ఇంటివారియెదుట చెప్పుటకు వెనుకాడునా? వీటికి జవాబు తెలియుటకు కొన్ని నెలలు పట్టును. అంకెలు కూడుటకు అర నిమిషము చాలును. ఒంటెలకు నీళ్లు తోడుటకు సాయంకాలము కావలెను.